‘టీమ్ ప్లేయర్’ తీసేసి మామిడిపండ్ల గురించి రాశాను

సీజన్ అయిపోతే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో చాలామందికి పని ఉండదు. అలాంటి ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నేను రెండు సీజన్లు చేశాను. ఏడాదంతా జీతం వచ్చే పని కావాలని శ్రీసిటీలో ఒక ఫుడ్ కంపెనీ క్వాలిటీ పోస్టుకు అప్లై చేద్దామనుకున్నాను. తిరుపతిలో మా వీధి చివరి నెట్ సెంటర్‌లో రెజ్యూమే ఫార్మాట్ రెడీగా ఉంటుంది. పేరు, డిగ్రీ, ఫోన్ నంబర్ మార్చి ప్రింట్ ఇస్తారు. దాంట్లో మొదటి వాక్యం ఇది: ‘హార్డ్ వర్కింగ్ టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్, విత్ గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్.’

మా వదిన శ్రీసిటీలోనే వేరే కంపెనీలో హెచ్ఆర్. పంపే ముందు ఒకసారి చూడమని ఇచ్చాను.

“ఏంమే, ఇది నీదా, నెట్ సెంటర్ అబ్బాయిదా?” అంది. “ఈ లైన్‌ని తిరగేసి రాసి చూడు. ‘నేను సోమరిని, ఎవరితోనూ పడదు’ అని ఎవరైనా రాస్తారా? ఎవరూ రాయరు. మరి నువ్వు దానికి ఎదురు మాట రాస్తే నాకు కొత్తగా ఏం తెలిసింది?”

ఇంకో పరీక్ష కూడా చెప్పింది. పైన నా పేరు చెరిపేసి, నా పక్క సీట్లో పనిచేసిన అమ్మాయి పేరు రాస్తే ఆ వాక్యం అట్నే చెల్లుతుందా అని చూడమంది. చెల్లితే ఆ వాక్యం నాది కానట్టే.

ఆ రెండు పరీక్షలకీ నా మొదటి వాక్యం మొత్తం కొట్టుకుపోయింది. అయితే కొట్టేసిన ప్రతి మాట చోటా ఇంకోటి పెట్టాల్సిన పని లేదని ఆ రోజే తెలిసింది. ‘హార్డ్ వర్కింగ్’ని తీసేసి వదిలేశాం. జూన్, జూలైలో లారీలు గేటు బయట వరస కట్టి ఉంటే ఫ్యాక్టరీలో అందరూ గంటలు చూసుకోకుండా చేస్తారు. నేనూ చేశాను. దాన్ని ఎట్లా రాసినా అందరిదీ అవుతుంది.

‘క్విక్ లెర్నర్’ తొందరగానే తేలింది. నేను మైక్రోబయాలజీ చదివాను, గుజ్జులో పులుపు శాతం కొలిచే టైట్రేషన్ చేతితో చేసింది తక్కువ. మొదటి సీజన్‌లో సీనియర్ కెమిస్ట్ దగ్గర నేర్చుకుని, రెండో నెల నుంచి మా షిఫ్ట్ రిపోర్ట్ మీద నేనే సంతకం పెట్టాను. అదే రాశాను. సంతకం అనే మాట ముఖ్యమని వదిన అంది. నేర్చుకున్నానని ఎవరైనా చెప్తారు. నేర్చుకున్నదాన్ని నమ్మి నాకు బాధ్యత ఇచ్చారని సంతకం చెప్తుంది.

అసలు పని ‘టీమ్ ప్లేయర్’ దగ్గర పడింది.

“సరే, టీమ్‌తో కలిసి ఏం చేశావు?” అని అడిగితే, “అందరితో బాగుండేదాన్ని” అన్నాను. “అది కాదే. ఏదైనా చెడిపోతా ఉంటే ఇంకొకరితో కలిసి బాగుచేసింది చెప్పు” అంది. అప్పుడు సార్టింగ్ టేబుల్ సంగతి గుర్తొచ్చింది.

తోతాపురి కాయలు మాగబెట్టే గదిలోంచి వచ్చాక కడిగి, సార్టింగ్ టేబుల్ మీద ఆడవాళ్ళు ఏరతారు. సరిగా మాగనిది తప్పించుకుని గుజ్జు తీసే పల్పర్‌లోకి పోతే గుజ్జు రంగు పాలిపోతుంది, పులుపు పెరుగుతుంది, తీపి తగ్గుతుంది. తీపిని బ్రిక్స్ అనే లెక్కలో కొలుస్తారు, కొనేవాళ్ళు మమ్మల్ని కనీసం 14 బ్రిక్స్ అడిగారు. ట్యాంక్ నుంచి తీసిన శాంపిల్ రిఫ్రాక్టోమీటర్‌లో అంతకన్నా తక్కువ చూపిస్తే ఆ బ్యాచ్‌కి ‘హోల్డ్’ ట్యాగ్ కట్టి పక్కన పెట్టాలి. తర్వాత ఎక్కువ తీపి ఉన్న గుజ్జుతో కలిపి సరిచేస్తారు. అందాకా ట్యాంక్ ఖాళీ కాదు, లైన్ నెమ్మదిస్తుంది, ప్రొడక్షన్ వాళ్ళు ల్యాబ్‌ని తిడతారు.

మా షిఫ్ట్‌లో హోల్డ్‌లు ఎక్కువయ్యాయి. టేబుల్ దగ్గర సగం మంది ఆ సీజన్‌కే వచ్చిన కొత్తవాళ్ళు, కొందరికి తమిళమే బాగా వచ్చు. ‘మాగింది’ అంటే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. సూపర్‌వైజర్‌తో మాట్లాడి, షిఫ్ట్ మొదట్లో మూడు పండ్లు టేబుల్ మీద పెట్టించాను: పోనివ్వాల్సింది, వెనక్కి మాగబెట్టే గదికి పంపాల్సింది, పారేయాల్సింది. రెండింటిని కోసి లోపలి రంగు కూడా చూపించేవాళ్ళం. కోసిన పండు నల్లబడుతుంది కాబట్టి టీ బ్రేక్ తర్వాత కొత్తవి పెట్టేవాళ్ళం. పెద్ద కనిపెట్టడమేం కాదు, కానీ వాదనలు ఆగాయి.

ఇది విని వదిన, “ఎన్ని తగ్గాయి?” అంది. హోల్డ్ రిజిస్టర్ రాసేది నేనే కాబట్టి లెక్క గుర్తుంది. వారానికి ఆరు బ్యాచ్‌ల దాకా ఆగేవి రెండుకి వచ్చాయి. సంతోషంగా రాసేయబోతే ఆపింది. “సీజన్ ముందుకు పోయేకొద్దీ పండులో తీపి తనంతట తానే పెరగదా? నీ మూడు పండ్ల వల్లే తగ్గిందని ఎట్లా చెప్తావు?”

హెచ్ఆర్‌లో ఉన్న మనిషికి మామిడి గురించి ఇంత తెలుసని నేననుకోలేదు. చిత్తూరు కోడలు కదా! ప్రశ్న మాత్రం సరైనది. మొదట్లో వచ్చే కాయ కంటే తర్వాతి కాయలో బ్రిక్స్ ఎక్కువే వస్తుంది. దానికి జవాబు అవతలి షిఫ్ట్ దగ్గర దొరికింది. అదే వారాల్లో, అదే లారీల పండుతో, మూడు పండ్లు పెట్టని ఆ షిఫ్ట్‌లో ఆరు నాలుగుకే తగ్గాయి. అంటే తగ్గుదలలో కొంత కాలానిది, మిగతాది మాది అనుకోవచ్చు. తర్వాత వాళ్ళూ అట్లే పెట్టడం మొదలుపెట్టారు, కాబట్టి ఆ తర్వాతి లెక్కతో పోల్చలేం.

చివరికి ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెప్పాలంటే ఇది: ‘సార్టింగ్ సూపర్‌వైజర్‌తో కలిసి షిఫ్ట్ మొదట్లో నమూనా పండ్లు చూపించే పద్ధతి పెట్టాను. మా షిఫ్ట్‌లో బ్రిక్స్ తక్కువై ఆగే బ్యాచ్‌లు వారానికి ఆరు నుంచి రెండుకి తగ్గాయి. తర్వాత రెండో షిఫ్ట్ కూడా ఇదే పాటించింది.’ నేను ‘లీడ్ చేశాను’ అని రాయలేదు, ఎందుకంటే టేబుల్ దగ్గర మాట చెల్లేది సూపర్‌వైజర్‌దే. కొనేవాళ్ళ పేరు, మొత్తం టన్నులు రాయలేదు. అవి ఫ్యాక్టరీ గుట్టు. ‘గుడ్ కమ్యూనికేషన్’కి వేరే లైన్ అవసరం రాలేదు. తెలుగు, తమిళం మాట్లాడే సిబ్బంది అని అందులోనే రెండు మాటలు కలిపితే సరిపోయింది.

ఒక్క చోట మాత్రం అందరూ రాసే మాటలే ఉంచాం. ఉద్యోగ ప్రకటనలో రిఫ్రాక్టోమీటర్, ఆహార భద్రతకు సంబంధించిన హెచ్ఏసీసీపీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ అని రాసి ఉంటే, నాకు నిజంగా వచ్చినవాటిని అవే పేర్లతో కింద స్కిల్స్‌లో పెట్టాం. మొదటి వడపోతలో కంపెనీవాళ్ళు, ఒక్కోసారి సాఫ్ట్‌వేర్, ఆ పేర్ల కోసమే వెతుకుతారు.

ఇంటర్వ్యూలో ప్లాంట్ క్వాలిటీ హెడ్ ఆ లైన్ మీదే వేలు పెట్టి, వదిన అడిగిందే అడిగాడు. రెండో షిఫ్ట్ లెక్క చెప్పి, కొంత తగ్గుదల సీజన్ వల్లే వచ్చిందని కూడా చెప్పాను. తర్వాత కోసిన పండు ఎంతసేపటికి మారుస్తారు, వెనక్కి పంపిన పండు మళ్ళీ ఎవరు చూస్తారు అని పని గురించే మాట్లాడుకున్నాం. ‘మీ బలాలు ఏమిటి’ అనే ప్రశ్న రానేలేదు.

ఉద్యోగం ఖాయం చేసే ముందు వాళ్ళు మా పాత సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశారు. రెజ్యూమేలో ఆయన ప్రస్తావన ఉంది కాబట్టి, ఏం రాశానో పంపే ముందే చదివి వినిపించి ఉన్నాను. ఆయన ఒక్క చోట మార్పించాడు కూడా: “పండ్లు కోసి చూపించాలన్నది నా ఐడియా పాపా, అది నా పేరు మీద పెట్టు.” పెట్టాను.