కాస్కోడ్ మిర్రర్: నిరోధం పెరిగినా కాపీ ఎందుకు తప్పింది

గేట్ పరీక్షకు ఎలక్ట్రానిక్స్ చదువుతూ, కరెంట్ మిర్రర్ దగ్గర సూత్రం బట్టీపట్టి ముందుకు వెళ్లిపోయే వారి కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలాగే వెళ్లిపోయాను. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ముగ్గురం ఒక గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న ఏడాది, ఒక నమూనా పరీక్షలో రెండు మార్కుల లెక్క ఈ అధ్యాయం నాకు రాలేదని తేల్చింది.

ముందు మామూలు మిర్రర్ చూద్దాం. M1 గేటును దాని డ్రెయిన్‌కే కలిపి అందులోకి 100 మైక్రో ఆంపియర్లు పంపుతాం. అదే గేట్ వోల్టేజీని, అదే కొలతలున్న M2కి ఇస్తాం. థ్రెషోల్డ్ 0.5 వోల్టులు, దానిపైన ఓవర్‌డ్రైవ్ 0.2 అనుకుంటే గేట్ వోల్టేజీ 0.7. M1 డ్రెయిన్ గేటుకే కలిసి ఉంది కాబట్టి అదీ 0.7 దగ్గరే ఉంటుంది. M2 డ్రెయిన్ కూడా 0.7 దగ్గర ఉన్నంతవరకు కాపీ సరిగ్గా వస్తుంది. దాన్ని 1.7కి లేపితే, λ విలువ 0.1 అయినప్పుడు:

```
Iout = 100 × (1 + 0.1×1.7) / (1 + 0.1×0.7) ≈ 109.3 µA
```

ఒక్క వోల్టుకు తొమ్మిది శాతానికి పైగా తేడా. M2 అవుట్‌పుట్ నిరోధం సుమారు 100 కిలో ఓములే కావడం దీనికి కారణం.

ఇప్పుడు M2 పైన M3ని పెట్టి, దాని గేటును స్థిరమైన వోల్టేజీ దగ్గర ఉంచుదాం. అవుట్‌పుట్ పెరిగినప్పుడు M2 డ్రెయిన్ కొద్దిగా పైకి కదులుతుంది. అది M3కి సోర్స్ కూడా కాబట్టి, అంత మేరకు M3 గేట్-సోర్స్ వోల్టేజీ తగ్గి, పెరగబోయిన కరెంటును అణిచేస్తుంది. ఇక్కడ gm ఒక మిల్లీ సీమెన్స్, gm·ro వంద. అంటే పైన ఒక వోల్టు మారితే M2కి తెలిసేది దాదాపు 10 మిల్లీ వోల్టులే, కరెంటు మారేది 0.1 మైక్రో ఆంపియరే. నిరోధం సుమారు 10 మెగా ఓములు అనడంలోని అర్థం ఇదే. ఈ కదలికను ఒక్కసారి కాగితం మీద వేసి చూసుకుంటే gm·ro² అన్న సూత్రాన్ని కంఠస్థం చేయనక్కర్లేదు.

నమూనా పరీక్షలోని లెక్కలో M3 గేటుకు విడిగా 0.9 వోల్టులు ఇచ్చి, అవుట్‌పుట్ కరెంటు ఎంతని అడిగారు. నిరోధం పది మెగా ఓములు కాబట్టి కాపీ కచ్చితంగా ఉంటుందనుకుని 100 అని రాశాను. అది తప్పు. ఆ రాత్రి గదిలో మా గాజువాక మిత్రుడు నా కాగితం చూసి ఒకే మాట అన్నాడు: "అవుట్‌పుట్ మారితే కరెంటు ఎంత మారుతుందో నువ్వు చెప్పావు. అసలు కరెంటు ఎంత అని కదా వాళ్లు అడిగింది? M2 డ్రెయిన్ ఎంత దగ్గర ఉందో రాయి."

రాశాను. 0.9 నుంచి M3 గేట్-సోర్స్ వోల్టేజీ 0.7 తీసేస్తే 0.2. M1 డ్రెయిన్ మాత్రం 0.7 దగ్గరే ఉంది. కాబట్టి కరెంటు 100 × 1.02 / 1.07, అంటే 95.3. నిరోధం ఎంత పెద్దదైనా ఈ 4.7 శాతం లోటు తీరదు. కరెంటు నిలకడగానే ఉంది, కానీ తప్పు విలువ దగ్గర నిలబడింది.

లోటు తీరాలంటే రిఫరెన్స్ వైపు కూడా M1 పైన M4 అనే జోడీ కావాలి. M4 గేటును కూడా దాని డ్రెయిన్‌కే కలిపితే పై గేట్లు రెండూ 1.4 వోల్టుల దగ్గరకు వస్తాయి, M1, M2 డ్రెయిన్లు రెండూ 0.7 దగ్గర సమానమవుతాయి. కాపీని సరిచేసేది ఈ సమానత్వమే. పైనున్న M3 దాన్ని చెదరకుండా కాపాడుతుంది.

దీనికి మూల్యం ఉంది. అవుట్‌పుట్ 0.9 వోల్టుల కంటే కిందికి దిగితే M3 శాచురేషన్ నుంచి బయటపడుతుంది, నిరోధం పడిపోతుంది. మామూలు మిర్రర్‌కు 0.2 చాలు. చాలామంది ఇక్కడ రెండు ఓవర్‌డ్రైవ్‌లు కలిపి 0.4 అని రాస్తారు. M3 గేటును 0.9కి దించిన అమరికకే అది వర్తిస్తుంది. అక్కడ కాపీ కూడా కచ్చితంగా రావాలంటే M1 డ్రెయిన్‌ను సైతం 0.2కి తెచ్చే మరో కాస్కోడ్ రిఫరెన్స్ వైపు ఉండాలి. తక్కువ వోల్టేజీ కాస్కోడ్‌లో జరిగేది అదే.

ఇక M1, M2 థ్రెషోల్డుల మధ్యే 2 మిల్లీ వోల్టుల తేడా ఉందనుకోండి. కరెంటులో తేడా 2 × 0.002 / 0.2, అంటే 2 శాతం. పైన ఎన్ని కాస్కోడ్‌లు పెట్టినా ఇది తగ్గదు. ఓవర్‌డ్రైవ్ పెంచాలి, లేదా ట్రాన్సిస్టర్ల వైశాల్యం పెంచి ఆ తేడానే తగ్గించాలి.