ఎర్రర్ సున్నా అయ్యాక కంట్రోలర్ ఏం చేస్తుంది: పీఐడీతో నా అనుభవం

బెంగళూరులో ఎంటెక్ చదువుతున్నాను. క్లాసులో పీఐడీకి ఇచ్చింది ఒకే స్లైడ్: పైన బ్లాక్ డయాగ్రమ్, కింద స్టెప్ రెస్పాన్స్, అంటే కావాల్సిన విలువను ఒక్కసారిగా 0 నుంచి 1కి మారిస్తే ఔట్‌పుట్ ఎలా కదులుతుందో చూపే గ్రాఫ్. డయాగ్రమ్ తేలికే. కావాల్సిన విలువలోంచి వచ్చిన విలువ తీసేస్తే ఎర్రర్. అది మూడు దారుల్లో వెళ్తుంది: P ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు, I దాని మొత్తాన్ని, D అది మారే వేగాన్ని తీసుకుంటాయి, వాటి గుణకాలు Kp, Ki, Kd. మూడూ కలిసి u అనే సిగ్నల్ అయి ప్లాంట్‌లోకి, అంటే మనం నడిపించే వ్యవస్థలోకి వెళ్తుంది.

చిక్కంతా కింది గ్రాఫ్‌తోనే. P ఒక్కటే ఉన్న గీత 1 దాకా వెళ్లకుండా 0.8 దగ్గర ఆగింది. "ఇంకా ఎర్రర్ ఉంది కదా సార్, ఎందుకు ఆగింది?" అని అడిగాను. "ఫైనల్ వాల్యూ థీరమ్ వేసుకో, ఇది బీటెక్ ప్రశ్న" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ థీరమ్ 0.8 అని చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఇప్పటికీ అది మంచి ప్రశ్నే అంటాను.

రాత్రి పీజీలో మా అనంతపురం సీనియర్ స్లైడ్ చూసి, "u గీత ఏదిరా? అది లేకుండా ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. ఇద్దరం కూర్చుని గీశాం. ప్లాంట్ 1/(s+1), Kp = 4. మొదట్లో ఎర్రర్ 1, కాబట్టి u = 4. ఔట్‌పుట్ పెరిగేకొద్దీ u తగ్గుతుంది. ఔట్‌పుట్ 0.8 చేరేసరికి ఎర్రర్ 0.2, u = 4 × 0.2 = 0.8. ఈ ప్లాంట్‌ను 0.8 దగ్గర నిలబెట్టడానికి సరిగ్గా 0.8 ఇన్‌పుట్ కావాలి. అందుకే అక్కడ ఆగింది. ఒకవేళ 1కి చేరితే ఎర్రర్ సున్నా, u కూడా సున్నా, ప్లాంట్ మళ్లీ కిందికి జారుతుంది. Kp 9 చేస్తే 0.9 దగ్గర ఆగుతుంది. మిగిలే ఎర్రర్ తగ్గుతుందే కానీ పోదు.

ఆ మిగిలిన ఎర్రర్‌ను పోగొట్టేది I: వచ్చిన ఎర్రర్‌నంతా కూడబెడుతుంది. ఎర్రర్ సున్నా అయినా కూడబెట్టిన 1 చేతిలో ఉంటుంది, ప్లాంట్‌ను నిలబెట్టేది అదే. Kp మళ్లీ 4 చేసి, Ki = 4 పెడితే గీత నేరుగా 1కి చేరింది. Ki = 40 చేస్తే 1 దాటి పైకి పోయింది. దాటే క్షణంలో ఎర్రర్ సున్నా, P వాటా సున్నా. అయినా ఔట్‌పుట్ పెరుగుతోందంటే I దగ్గర 1 కంటే ఎక్కువ పోగైందన్నమాట. అది తగ్గాలంటే ఎర్రర్ నెగటివ్ అవ్వాల్సిందే, అంటే ఔట్‌పుట్ 1కి పైనే కొంతసేపు ఉండాల్సిందే. ఓవర్‌షూట్ ఇలా వస్తుందని ఎవరూ చెప్పలేదు.

D గురించి మాత్రం జాగ్రత్త. "D వేస్తే డంపింగ్ పెరుగుతుంది", అంటే ఊగిసలాట త్వరగా ఆగుతుంది అని స్లైడ్ మీద రాసుంది. ఈ ప్లాంట్‌లో అది నిజం కాదు. Kp = 4, Ki = 40 అలాగే ఉంచి Kd వేస్తే క్లోజ్డ్ లూప్ హారం (1+Kd)s² + 5s + 40 అవుతుంది. s² గుణకం పెరిగి డంపింగ్ ఇంకా తగ్గుతుంది. D బ్రేక్‌లా పట్టేది మోటార్ పొజిషన్ లాంటి చోట, అక్కడ Kd వెళ్లి s గుణకానికి కలుస్తుంది. అక్కడ కూడా సెన్సార్ నాయిస్ ఉంటే D దాన్ని పెద్దది చేస్తుంది, u గీత గజిబిజిగా కొట్టుకుంటుంది. దాన్ని పట్టుకోవాలన్నా u గీయాల్సిందే.