38 మాటల వాక్యం 8 మాటలైన తీరు: నా అనుభవం

గొలుసుకట్టు చెరువుల మీద ఒక వ్యాసం రాశాను. పై చెరువు నిండితే అలుగు దుంకి, ఆ నీళ్లు వరద కాలువ మీదుగా కింది ఊరి చెరువుకు ఎలా చేరతాయి, మధ్యలో ఆ కాలువలు పూడిపోతే ఏమవుతుంది అన్నది విషయం. వ్యాసంతో పాటు పంచుకోవడానికి అందులోంచి ఒక్క వాక్యం కావలసి వచ్చింది. దాన్ని ఎలా ఎంచానో, ఎక్కడెక్కడ కోశానో రాస్తున్నాను.

రాసిన రోజే వాక్యం ఎంచను. అప్పటికి రాయడానికి ఎక్కువ కష్టపెట్టిన వాక్యమే గొప్పగా కనిపిస్తుంది. మర్నాడు కాగితం మీద తీసి, పెన్సిలుతో గీతలు పెడుతూ చదివాను. నాలుగు వాక్యాలు మిగిలాయి.

మొదటిది, కాకతీయులు రామప్ప, పాఖాల, లక్నవరం చెరువులు తవ్వించారన్న వాక్యం. నిజమే, కానీ ఏ చరిత్ర పుస్తకంలోనైనా దొరుకుతుంది. దాన్ని పంచుకునేవాడికి నా వ్యాసంతో పనిలేదు. రెండోది ‘చెరువు నిండితే కప్పలు చేరవా’ అన్న సామెత మీద కట్టిన వాక్యం. చదవడానికి హాయిగా ఉంది గానీ అందులో మెరిసేది సామెత, నేను చేర్చిన సగం కాదు. సామెతను ఆనుకున్న వాక్యం వ్యాసంలో ఉండనివ్వొచ్చు, బయటికి మాత్రం పంపను. మూడోది ‘అందుకే ఈ పద్ధతిని వాళ్లు అంత జాగ్రత్తగా కాపాడుకున్నారు’ అన్నది. వ్యాసంలో చదివితే గట్టిగా తగులుతుంది. విడిగా చదివితే ఎందుకు, ఏ పద్ధతి, ఎవరు వాళ్లు అని మూడు ప్రశ్నలు లేస్తాయి. ‘అందుకే, ఈ, ఆ, ఇలాంటి, వాళ్లు’ అన్న మాటలు వెనక వాక్యానికి కట్టిన తాళ్లు. ఒక తాడైతే విప్పి, దాని బదులు అసలు పేరు పెట్టొచ్చు. మూడు ఉంటే ఆ వాక్యాన్ని వదిలేయడమే మంచిది.

నాలుగోది ఇది:

“పై చెరువు నిండి అలుగు దుంకినప్పుడు బయటికొచ్చే నీరు ఊరి మధ్యగా పోయే ఇలాంటి వరద కాలువల గుండా ప్రవహించి కింది ఊరి చెరువుకు చేరుతుంది కాబట్టి మన ఊళ్లో కాలువను పూడ్చేస్తే, వానలు బాగా కురిసిన ఏడాది కూడా, కింది ఊరి చెరువు నిండకపోవచ్చని మనం గుర్తించాల్సిన అవసరం ఎంతైనా ఉంది.”

చూడటానికి నాలుగింటిలో ఇదే మొద్దుగా ఉంది. అయినా ఇదే తీసుకున్నాను, ఎందుకంటే వ్యాసం చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది, పైగా ‘మన ఊరు’, ‘కింది ఊరు’ అని ఎదురెదురుగా నిలబడే రెండు కొసలున్నాయి. నున్నగా ఉండి ఏమీ చెప్పని వాక్యం కన్నా, బరువుండి గరుకుగా ఉన్నదాన్ని చెక్కడం తేలిక.

మొదటి కోత తోక మీద. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, వినేవాడి చెవిలో నిలిచేది చివరి మాటే. ఆ చోటును మనం ‘గుర్తించాల్సిన అవసరం ఎంతైనా ఉంది’, ‘అనడంలో సందేహం లేదు’, ‘అని చెప్పక తప్పదు’ లాంటి వాటికి ఇచ్చేస్తుంటాం. సభలో మాట్లాడేటప్పుడు వీటికి పని ఉంది, ఊపిరి పీల్చుకునే వీలిస్తాయి. రాతలో ఆ పని లేదు. తోక తీసేటప్పుడు దాన్ని అతికించిన ‘అని’ కూడా తీయాలి, లేకపోతే వాక్యం కొక్కెంలా వేలాడుతుంది. ‘నిండకపోవచ్చని’ అన్నది ‘నిండకపోవచ్చు’ అయింది. 33 మాటలు.

రెండో కోత ‘కాబట్టి’ దగ్గర. దానితో కలిపి మొదటి 20 మాటలూ కారణం. ఆ కారణాన్ని వ్యాసం రెండు పేరాల్లో వివరిస్తోంది, పంచుకునే వాక్యం మళ్లీ మోయక్కర్లేదు. మధ్యలో ‘వానలు బాగా కురిసిన ఏడాది కూడా’ అన్నదీ పోయింది. మిగిలింది: “మన ఊళ్లో కాలువను పూడ్చేస్తే కింది ఊరి చెరువు నిండకపోవచ్చు.” ఎనిమిది మాటలు. ఒక లాభం కూడా కలిసొచ్చింది. ‘అలుగు’ అన్న మాట పోయింది. తెలంగాణలో చాలాచోట్ల దాన్ని మత్తడి అంటారు, కోస్తాలో కలుజు అనేవాళ్లున్నారు. వ్యాసంలో మూడూ చెప్పుకోవచ్చు, ఒక్క వాక్యంలో వీలుకాదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. ‘నిండకపోవచ్చు’ అని ముగిస్తే వాక్యం నీరసంగా పడిపోతోంది. ‘నిండదు’ అంటే ఠక్కున నిలబడుతుంది. కానీ అది నిజం కాదు. కింది చెరువుకు పై నుంచి వచ్చే నీళ్లే కాక, తన సొంత పరీవాహక ప్రాంతంలో పడ్డ వాన కూడా చేరుతుంది. గట్టి వాన పడితే పై కాలువ పూడిపోయినా అది నిండవచ్చు. చెరువు కింద సేద్యం చేసే ఏ రైతైనా ‘మాది నిండింది కదా’ అంటే ఇక వ్యాసమంతా పోయినట్టే. ‘వచ్చు’, ‘చాలాచోట్ల’, ‘సాధారణంగా’ లాంటి మాటలు కొసరుగా కనిపిస్తాయి గానీ, వాటిలో కొన్ని వాక్యం నిజాన్ని మోస్తుంటాయి. కొట్టేసే ముందు ఆ మాట లేకుండా వాక్యాన్ని ఎవరైనా తప్పని చూపగలరా అని అడుగుతాను. చూపగలిగితే మాటను తీయను, వాక్యాన్నే తిప్పి రాస్తాను.

అలాగే తిప్పాను. పూడితే జరిగే చెడుకు బదులు, పారితే జరిగే మంచి చెప్పాను: “మన ఊరి కాలువ పారితేనే కింది ఊరి చెరువుకు నీళ్లు.” క్రియ లేకుండా ‘నీళ్లు’ దగ్గర ఆగడం చెవికి బాగుంది. కానీ పాత తప్పే మళ్లీ దూరింది, ఈసారి ఒక్క అక్షరంలో. ‘తేనే’ అంటే ఇంకే దారీ లేదని. ఆ ‘నే’ తీసేశాను.

“మన ఊరి కాలువ పారితే కింది ఊరి చెరువుకు నీళ్లు.”

కొంత ఊపు తగ్గిన మాట నిజం. అయినా ఇదే ఉంచాను, దీన్ని తప్పని ఎవరూ అనలేరు.

తర్వాత వ్యాసం చదవని ఒకరికి ఈ ఒక్క వాక్యమే చూపించి, ‘ఏమర్థమైంది’ అని అడిగాను. ‘బాగుందా’ అని మాత్రం అడగకూడదు, మొహమాటానికి బాగుందనే అంటారు. ‘మా కాలువ పాడు చేసుకుంటే కింది వాళ్లకు నీళ్లు తగ్గుతాయి’ అని జవాబొచ్చింది. చాలు.

వాక్యం ఇప్పుడు వ్యాసంలో ఉన్నట్టు లేదు కాబట్టి వ్యాసాన్నీ దిద్దాను. పాత 38 మాటల చోట కారణాన్ని రెండు వాక్యాలుగా విడగొట్టి, చివర ఈ వాక్యం పెట్టాను. పంచుకున్న మాటను పట్టుకుని వెతికేవారికి అది అక్షరం పొల్లుపోకుండా అక్కడ దొరకాలి. ప్రసంగానికి ఈ వెసులుబాటు లేదు. వేదిక మీద అన్న మాట రికార్డింగులో ఉంటుంది, కాబట్టి తిప్పి రాసినదాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి ‘అన్నాను’ అనకూడదు. ప్రసంగంలోంచి తీసేటప్పుడు వరసగా పలికిన ముక్కనే ఎంచుకుంటాను, ముందూ వెనకా తెంపుతానే గానీ మధ్యలో కోయను.

పొడవు లెక్కలో ఒకటి గుర్తుంచుకోవాలి. గుణింతాలు, ఒత్తులు ఫోనుకు విడివిడి గుర్తులు. ‘నీళ్లు’ కంటికి రెండు అక్షరాలు, లెక్కకు ఆరు. తెలుగు ఎస్సెమ్మెస్ ఒకదానికి 70 గుర్తులే పడతాయి. మన వాక్యం ఖాళీలు, చుక్కతో కలిపి 46, మిగిలిన 24లో రాసినవారి పేరు సర్దుకోవచ్చు. బొమ్మ మీద వేసేటప్పుడు ‘పారితే’ తర్వాత పంక్తి విరవాలి, అప్పుడు మన ఊరు పైనా కింది ఊరు కిందా వస్తాయి. రెండు పంక్తుల మధ్య ఇంగ్లీషుకు వదిలే జాగా కన్నా కాస్త ఎక్కువ వదలాలి. లేకపోతే పై పంక్తిలో ఒత్తులున్న చోట అవి కింది పంక్తి గుడులకు తగులుతాయి.