హాజరు మార్కులు: అందరికీ ఒకే నిబంధన నన్ను ఎలా వెనక్కి నెట్టింది

నాకు పుట్టుకతోనే తలసేమియా ఉంది. మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించుకుంటే తప్ప నా ఒంట్లో హిమోగ్లోబిన్ నిలవదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ వ్యాధిని వైకల్యాల జాబితాలో చేర్చింది. దానికి ముందున్న 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి, కొత్త చట్టంలో అవి ఇరవై ఒకటయ్యాయి. నేను రాష్ట్ర ప్రభుత్వ అధీనంలోని ఒక సంస్థలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాసేది వ్యాధి గురించి కాదు. పైకి ఎవరినీ ఏమీ అనని ఒక నిబంధన వల్ల నాకు పదోన్నతి పోయిన తీరు, అది వివక్షేనని వాదించడానికి నేను నేర్చుకోవలసి వచ్చిన సంగతులు.

మా సంస్థలో పదోన్నతికి నూరు మార్కుల పట్టిక ఉంది. అందులో పది మార్కులు హాజరువి. ఏడాదిలో క్యాజువల్ లీవు, మెడికల్ లీవు కలిపి పది రోజులు దాటకపోతే పదికి పది వస్తాయి. దాటిన ప్రతి రోజుకు ఒక మార్కు పోతుంది. ముందుగా మంజూరు చేయించుకున్న ఆర్జిత సెలవును మాత్రం లెక్కలోకి తీసుకోరు. ఆ ఏడాది నేను పదిహేడు రోజులు రక్తం కోసం, నాలుగు రోజులు జ్వరంతో సెలవు పెట్టాను. మొత్తం ఇరవై ఒకటి కాబట్టి హాజరు మార్కులు సున్నా. నాకు 74 మార్కులు వచ్చాయి, ఎంపికైన వారిలో చివరి వ్యక్తికి 79. చికిత్స రోజులను పక్కన పెడితే నా సెలవులు నాలుగే. అప్పుడు పది మార్కులూ వచ్చి నేను 84 దగ్గర ఉండేదాన్ని.

మొదటి విజ్ఞప్తి నేను తప్పుగా రాశాను. నా వ్యాధి ఎంత కష్టమైనదో రెండు పేజీలు వర్ణించి, మానవతా దృష్టితో పరిశీలించమని వేడుకున్నాను. చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారణ జరపాలి. మా అధికారి గడువులోనే జవాబిచ్చారు: సెలవులన్నీ మంజూరు చేశాము, మార్కుల పట్టిక ఉద్యోగులందరికీ సమానంగా వర్తిస్తుంది, వైకల్యం కారణంగా ఎవరినీ వేరుగా చూడలేదు. ఆ మూడు వాక్యాల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అందుకే నాకు ఏం అనాలో తోచలేదు.

మా సంఘంలో చాలా కాలం పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు ఆ జవాబు చూపించాను. ఆయన చదివి, "దయ చూపమని అడిగితే దయ లేదన్నారు, అంతేనమ్మా. నువ్వు లెక్క చూపించి ఉండాల్సింది. నిన్ను వేరుగా చూశారని ఎవరన్నారు? వేరుగా చూడకపోవడమే కదా నీ ఫిర్యాదు!" అన్నారు. ఆ ఒక్క మాటతో నా వాదన మొత్తం తిరగబడింది. ప్రత్యక్ష వివక్ష అంటే ఫలానా వ్యాధి ఉన్నవారికి పదోన్నతి ఇవ్వబోమని చెప్పడం. పరోక్ష వివక్షలో అలాంటి మాట ఎక్కడా దొరకదు. నిబంధన ఒకటే ఉంటుంది, దాని బరువు మాత్రం కొందరి మీద ఎక్కువ పడుతుంది. కాబట్టి అక్కడ చూపించవలసింది యాజమాన్యం మనసులో ఏముందో కాదు, ఆ నిబంధన ఏం చేసిందో.

చట్టంలో దీనికి ఆధారం గట్టిగానే ఉంది. 2వ సెక్షన్‌లోని వివక్ష నిర్వచనం ఉద్దేశాన్ని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, ఫలితాన్నీ చెప్పింది. సహేతుకమైన సదుపాయం, అంటే సంస్థకు మోయలేని భారం కాని సర్దుబాటు, కల్పించకపోవడం కూడా వివక్షే అని అందులోనే చేర్చింది. 3వ సెక్షన్ మూడో ఉపవిభాగం ఇంకో ముఖ్యమైన పని చేసింది. న్యాయమైన లక్ష్యాన్ని సాధించడానికి తగిన మోతాదులో ఉన్న మార్గమని చూపిస్తే తప్ప వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని అంది. చూపించవలసిన భారం ఎవరిదో ఆ వాక్యం నిర్మాణంలోనే ఉంది. నా మీద ఎక్కువ బరువు పడిందని నేను చూపాలి. ఆ తరువాత ఆ బరువు అవసరమని చూపవలసింది సంస్థే.

సుప్రీంకోర్టు తీర్పుల్లో నాకు రెండు అక్కరకు వచ్చాయి. 2021 మార్చిలో వచ్చిన లెఫ్టినెంట్ కర్నల్ నితీశా కేసు సైన్యంలోని మహిళా అధికారుల శాశ్వత కమిషన్‌కు, అంటే పదవీ విరమణ దాకా కొనసాగే నియామకానికి, సంబంధించినది. పురుషులకు సర్వీసు తొలి సంవత్సరాల్లో, అంటే అయిదో ఏటో పదో ఏటో చూసిన శారీరక ప్రమాణాన్ని మహిళలకు నడివయసులో వర్తింపజేశారు. కొలబద్ద ఒకటే అయినా అది పడిన సమయం వేరు. ఆ తీర్పులో కోర్టు కెనడా సుప్రీంకోర్టు నుంచి రెండంచెల పరీక్షను తీసుకుంది. నిబంధన ఒక వర్గం మీద ఎక్కువ భారం వేస్తున్నదా అనేది మొదటి ప్రశ్న. ఆ వర్గానికి ఇదివరకే ఉన్న వెనుకబాటును అది ఇంకా పెంచుతున్నదా, కొనసాగిస్తున్నదా అనేది రెండోది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన రవీందర్ కుమార్ ధరీవాల్ కేసు మానసిక వ్యాధి ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి మీద మొదలుపెట్టిన క్రమశిక్షణ చర్యల గురించినది. అలాంటి చర్యలు మొదలుపెట్టడమే పరోక్ష వివక్షలో ఒక రూపమని, జరిగిన నష్టానికి వైకల్యం ఏకైక కారణం కానక్కరలేదని, కారణాల్లో ఒకటైతే చట్టం రక్షణ వర్తిస్తుందని కోర్టు చెప్పింది. ఆ చివరి మాట నాకు ఎందుకు ముఖ్యమంటే, నా ఇరవై ఒక్క రోజుల్లో నాలుగు జ్వరానివి. ఆ నాలుగింటినీ పట్టుకుని నా ఫిర్యాదును కొట్టేస్తారేమోనన్న భయం దాంతో పోయింది.

రెండో విజ్ఞప్తికి ముందు సమాచార హక్కు చట్టం కింద రెండు విషయాలు అడిగాను. పేర్లు లేకుండా హాజరు మార్కుల పంపకం ఒకటి, పది రోజుల పరిమితిని ఎలా నిర్ణయించారో చెప్పే నోట్ ఫైలు రెండోది. మొదటిదాని వల్ల పెద్ద ప్రయోజనం కలగలేదు. సున్నా వచ్చినవాళ్లు తొమ్మిది మందే. అంత చిన్న సంఖ్య మీద శాతాలు కట్టి వాదిస్తే అవతలివారు ఒక్క ప్రశ్నతో దాన్ని కూల్చేస్తారు. అందుకే గణాంకాలను పక్కన పెట్టి, నిబంధన తీరునే ఆధారం చేసుకున్నాను. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవలసిన మనిషికి ఏడాదిలో పదిహేడు రోజులు పోతాయి, పరిమితి పది. అందరికంటే నిక్కచ్చిగా పనిచేసినా ఆమె పరిమితిలోపల ఉండలేదు. ఇది చెప్పడానికి పట్టిక అక్కరలేదు, కూడిక చాలు. రెండో సమాచారం మాత్రం బంగారం. నోట్ ఫైలులో ఒక్క వాక్యమే ఉంది: హాజరు మెరుగుపరచడానికి. పది ఎందుకు, పదిహేను ఎందుకు కాదు, చికిత్స రోజుల గతి ఏమిటి అన్న ఆలోచన ఆ ఫైలులో ఎక్కడా లేదు.

అంతర్గతంగా మళ్లీ అదే జవాబు రావడంతో రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గరకు వెళ్లాను. అక్కడ సంస్థ తరఫున వచ్చిన వాదనలు మూడు. వాటిలో ఒకటి నిజంగానే బలమైనది.

మొదటిది, మా కార్యాలయంలోనే పోలియో వచ్చిన ఒక ఉద్యోగికి హాజరులో పదికి పది వచ్చాయి కాబట్టి ఈ నిబంధన దివ్యాంగులకు వ్యతిరేకం కాదన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వైకల్యమంటే ఒకే ముద్ద కాదు. కాలు సరిగా లేని మనిషికి మెట్లు అడ్డు, నాకు క్యాలెండర్ అడ్డు. నాతో పోల్చవలసింది క్రమం తప్పని చికిత్స అవసరమైన దివ్యాంగులను, ఆ అవసరం లేనివారితో. రెండోది, హాజరును ప్రోత్సహించడం న్యాయమైన లక్ష్యమే కదా అని. అవునని వెంటనే ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం వల్ల నాకు పోయిందేమీ లేదు. అనవసరంగా మానేసేవారిని మానకుండా చేయడం ఆ లక్ష్యమైతే, నేను మానక తప్పని రోజులకు మార్కులు కోయడం వల్ల నా హాజరు ఒక్క రోజు కూడా పెరగదు. లక్ష్యానికీ మార్గానికీ అక్కడ లంకె తెగిపోయింది.

మూడోది ఆర్జిత సెలవు. దాన్ని లెక్కలోకి తీసుకోరు కదా, రక్తం ఎక్కించుకునే రోజులకు దాన్నే వాడుకుంటే సరిపోయేది, వాడుకోకపోవడం ఆమె ఎంపిక అన్నారు. ఇది విన్నప్పుడు నాకు ఒక్క క్షణం గొంతు తడారింది, ఎందుకంటే కాగితం మీద అది నిజం. రెండు జవాబులు ఇచ్చాను. ఆర్జిత సెలవుకు పదిహేను రోజుల ముందు దరఖాస్తు చేయాలి. నాకు ఏ రోజు రక్తం ఎక్కించాలో హిమోగ్లోబిన్ చెబుతుంది, అది తొమ్మిది, పది గ్రాముల దగ్గరకు దిగినప్పుడు. సరిపోయే రక్తం ఆ రోజు దొరకాలి, క్రాస్‌మ్యాచ్ కుదరాలి. గత రెండేళ్ల బ్లడ్ బ్యాంకు చీటీలు జతచేసి, అనుకున్న తేదీకీ జరిగిన తేదీకీ ఎన్ని రోజుల తేడా వచ్చిందో చూపించాను. రెండో జవాబు ఇంకా ముఖ్యమైనది. ఒకవేళ తేదీలు ముందే తెలిసినా, నా సహోద్యోగి తన ఆర్జిత సెలవును పెళ్లికీ ప్రయాణానికీ విశ్రాంతికీ వాడుకుంటాడు, నేను సగానికి పైగా ఆసుపత్రికే ఖర్చుపెట్టాలి. అప్పుడు భారం పోలేదు, మార్కుల గడి నుంచి సెలవుల గడిలోకి జరిగింది, అంతే.

చివరగా నేను కోరింది చాలా చిన్న మార్పు: వైద్య ధ్రువపత్రం ఉన్న చికిత్స రోజులను హాజరు లెక్క నుంచి మినహాయించడం. సంస్థకు ఖర్చు లేదు, ఇతరుల మార్కులు తగ్గవు. పరోక్ష వివక్ష వాదనలో ఇది చివర్లో చెప్పే మాటలా కనిపిస్తుంది కానీ, నా అనుభవంలో అసలు బరువు దీనిదే. అదే లక్ష్యాన్ని తక్కువ నష్టంతో సాధించే దారి ఒకటి పక్కనే ఉన్నప్పుడు, ఉన్న దారి తప్పనిసరి అనడం కష్టం. ఎందుకు కుదరదని కమిషనర్ అడిగినప్పుడు సంస్థ ప్రతినిధి, ఇలా మొదలుపెడితే అందరూ అడుగుతారు అన్నారు. అది కారణం కాదు, భయం.

కమిషనర్ నా వాదనను అంగీకరించి, నిబంధన సవరించమని, నా మార్కులు తిరిగి లెక్కించమని సిఫారసు చేశారు. అవి సిఫారసులే. మూడు నెలల్లో చర్య తీసుకోవాలి, లేదా అంగీకరించకపోవడానికి కారణం తెలపాలి అనేంతవరకే చట్టం చెబుతుంది. మా సంస్థ సగం అంగీకరించింది. నిబంధనను ఇకమీదటి జాబితాలకే వర్తించేలా సవరించింది, పాత జాబితా మాత్రం ముగిసిన వ్యవహారమని రాసింది. మరుసటి ఏడాది జాబితాలో నాకు పదోన్నతి వచ్చింది. నేను కోల్పోయిన ఆ ఒక్క ఏడాది సీనియారిటీ కోసం హైకోర్టులో వేసిన రిట్ ఇంకా విచారణలో ఉంది. సెలవు దరఖాస్తులో ఇప్పుడు 'చికిత్స రోజు' అని కొత్త గడి ఒకటి వచ్చింది, దాని కింద చీటీ జతచేయాలని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను ఆ చీటీలను తేదీల వరుసలో ఫైలు చేసి దాచుకుంటున్నాను, రిట్‌లోనూ అవే కావాలి.