కందిపప్పు ఎన్ని బస్తాలు తేవాలి? – నా అనుభవం

ఒకేసారి ముప్పై బస్తాల కందిపప్పు దింపుకోవడం ఆపేశాను. కొండపల్లిలో మాది మామూలు కిరాణా కొట్టు. సరుకు గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో కొంటాం. మా నాన్నగారి రోజుల నుంచీ మూడు నెలలకోసారి పప్పు దింపడమే అలవాటు. మా అమ్మాయి బీకాం పుస్తకంలో ఎకనామిక్ ఆర్డర్ క్వాంటిటీ అనే పాఠం చూశాక ఈ అలవాటును లెక్కలో పెట్టి చూడాలనిపించింది. 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ ఇంజినీరు రాసిన సూత్రమది. ఒకేసారి ఎక్కువ తెస్తే డబ్బు సరుకులో ఇరుక్కుంటుంది, కొంచెం కొంచెం తెస్తే రవాణా ఖర్చు పెరుగుతుంది. రెండూ కలిపి ఎక్కడ తక్కువవుతాయో ఇది చెబుతుంది.

Q = √(2DS / H)

Q అంటే ఒకేసారి తేవాల్సిన బస్తాలు. D అంటే ఏడాది అమ్మకం. నెలకు పది బస్తాలు పోతాయి కాబట్టి 120. ఇది కొట్టు పద్దుల పుస్తకం తిరగేస్తే తెలిసిపోయింది.

S అంటే ఒకసారి సరుకు తేవడానికి అయ్యే ఖర్చు. ట్రాలీ కిరాయి 700, వెంట వెళ్లే కుర్రాడికి 200, మొత్తం 900. హమాలీని ఇందులో కలపకూడదు. అది బస్తాకింత అని ఇస్తాం కాబట్టి ఎన్నిసార్లు తెచ్చినా ఏడాదికి అంతే అవుతుంది.

నన్ను తిప్పలు పెట్టింది H. ఒక బస్తాను ఏడాదిపాటు కొట్లో ఉంచితే అయ్యే ఖర్చు అది. ఆడిట్ ఆఫీసులో పనిచేసే మా బంధువొకాయన బ్యాంకు వడ్డీ తొమ్మిది శాతం వేసుకోమన్నాడు. నేను సరుకు మీద పెట్టే డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. అంటే ఏడాదికి 24 శాతం. బస్తా 5,500 అయితే వడ్డీయే 1,320. తరుగు, ఎలుకలు, పురుగు, జల్లెడ పట్టించే కూలి కలిపి ఇంకో 180. మొత్తం 1,500. ఆయన చెప్పినట్టు వేస్తే 18 బస్తాలు వస్తాయి, నా వడ్డీతో వేస్తే 12. ఎవరు ఎంత వడ్డీ కడుతున్నారో చూడకుండా సలహాలిచ్చే వాళ్ల మాట వినకండి.

2 × 120 × 900 = 2,16,000. దాన్ని 1,500తో భాగిస్తే 144. వర్గమూలం 12.

పన్నెండేసి తెస్తే ఏడాదికి పది ట్రిప్పులు, 9,000. పన్నెండు నుంచి సున్నా దాకా తగ్గుతూ పోతాయి కాబట్టి కొట్లో సగటున ఆరు బస్తాలుంటాయి, వాటి భారం 9,000. మొత్తం 18,000. పాత పద్ధతిలో ముప్పైయేసి తెస్తే ట్రిప్పులకు 3,600 చాలు గానీ, నిల్వకు 22,500. మొత్తం 26,100. ఏడాదికి 8,100 తేడా. పన్నెండు దగ్గరే గిరి గీసుకుని కూర్చోనక్కర్లేదు కూడా. పది తెస్తే 18,300, పదిహేను తెస్తే 18,450. అటూ ఇటూ కొంచెం జరిగితే పెద్దగా పోయేదేమీ లేదు, ముప్పైకి పోతేనే దెబ్బ.

ఇంతవరకూ బాగానే ఉంది. పన్నెండు బస్తాలని చీటీ రాసుకుని గొల్లపూడి వెళ్తే, మేం ఏళ్ల తరబడి కొంటున్న కొట్లో గుమాస్తా నలుగురి ముందు చీటీ పైకెత్తి చదివాడు. "ఏంటండీ, వ్యాపారం తగ్గిందా? ముప్పై తీసుకునేవాళ్లు పన్నెండుకి దిగారు!" పక్కన కూర్చున్న మా ఊరి కొట్టాయన నవ్వాడు. మా కొట్టు దివాలా తీస్తోందని సాయంత్రానికి కొండపల్లిలో మాట పుడుతుందని నాకు తెలుసు. ఒళ్లు మండిపోయింది. ఆపైన ఓనరు గారు నన్ను ఓదారుస్తున్నట్టు, "ముప్పై తీసుకోండి, బస్తాకి నలభై తగ్గిస్తా" అన్నారు. అందరూ నా మొహం వంకే చూస్తున్నారు. కాదంటే చేతిలో డబ్బులేదనుకుంటారు.

అక్కడే ఆ చీటీ వెనకే లెక్క వేశాను. ముప్పై తీసుకుంటే అదనంగా పోయేది 8,100. నూట ఇరవై బస్తాల మీద నలభై చొప్పున వచ్చేది 4,800. నాకు గిట్టాలంటే బస్తాకి 67 రూపాయల 50 పైసలు తగ్గాలి. "డెబ్బై తగ్గిస్తే తీసుకుంటా, లేకపోతే పన్నెండే" అన్నాను. ఆయన తగ్గలేదు, నేను పన్నెండే ఎక్కించుకున్నాను. గుమాస్తా నవ్వాడని ముప్పై బస్తాలు ఎక్కించుకునే వాళ్లు ఆ మార్కెట్‌లో రోజూ కనిపిస్తారు. పరువు కోసం సరుకు కొనేవాడు వడ్డీ వ్యాపారికి పనిచేస్తున్నట్టే. తగ్గింపు ఎంతిస్తే గిట్టుబాటో మార్కెట్‌కి వెళ్లేముందే తెలిసి ఉండాలి. అక్కడ నిలబడితే బుర్ర పనిచేయనివ్వరు.

ఇంటికొచ్చాక ఈ సూత్రం నా కొట్టుకు ఎక్కడ సరిపోదో కూడా తేలింది. ట్రాలీలో కందిపప్పు ఒక్కటే రాదు. మినపప్పు, పెసరపప్పు, పంచదార, శనగపప్పు కూడా వస్తాయి. సూత్రమేమో 900 మొత్తం కందిపప్పు నెత్తినే వేస్తుంది. అందుకని ఎన్ని బస్తాలు అనే ప్రశ్న వదిలేసి ఎన్ని రోజులకోసారి వెళ్లాలి అని చూశాను. ఒక్కో సరుకుకు D ని H తో గుణించి అన్నీ కూడాలి. కందిపప్పుది 1,80,000, మిగతా నాలుగూ కలిపి 5,40,000. మొత్తం 7,20,000.

√(2 × 900 / 7,20,000) = 0.05

ఏడాదిలో 0.05 అంటే పద్దెనిమిది రోజులు. అంటే ట్రిప్పుకి కందిపప్పు ఆరు బస్తాలే! తగ్గింపు లెక్క కూడా తిరగబడింది. బండి ఎలాగూ వెళ్తుంది కాబట్టి ముప్పై తెచ్చినా రవాణాలో మిగిలేదేమీ లేదు. ఆరు తెస్తే నిల్వ భారం 4,500, ముప్పై తెస్తే 22,500. తేడా 18,000. ఇప్పుడు బస్తాకి 150 తగ్గిస్తే గానీ ముప్పై జోలికి వెళ్లకూడదు. నలభై తగ్గింపు ఇందులో మూడోవంతు కూడా కాదు.

ధర మారదని కూడా సూత్రం అనుకుంటుంది. కందిపప్పు ధరకి అంత నిలకడ ఎక్కడిది? ధర అదుపు చేయడానికి 2024 జూన్‌లో కేంద్రం కందిపప్పు నిల్వల మీద కొన్నాళ్లు పరిమితి కూడా పెట్టింది, రిటైల్ కొట్టుకి 5 టన్నులు. ధర పెరుగుతుందని పుకారు రాగానే బస్తాలు దించేవాళ్లకు నేను చెప్పేదొకటే. ఏడాదికి 1,500 అంటే నెలకు 125, యాభై కిలోల బస్తాలో కిలోకి రెండున్నర రూపాయలు. నెలకి కిలో రెండున్నర కంటే ఎక్కువ పెరుగుతుందన్న నమ్మకం ఉంటేనే అదనంగా కొనాలి. వానాకాలంలో ఆ రెండున్నర కూడా చాలదు, పురుగు పట్టిన బస్తాను సగం ధరకి అమ్ముకోవాలి.

సంక్రాంతి ముందు పదిహేను రోజులకు ఈ లెక్క అసలు పనికిరాదు. ఏడాది సగటు ఆ రోజుల అమ్మకం చెప్పదు. నేను కిందటేడు సంక్రాంతి పద్దు తీసి అదే చూసి తెస్తాను. సబ్బులు, పేస్టుల్లాంటివి సేల్స్‌మాన్ వారానికోసారి వచ్చి ఆర్డరు రాసుకుని కొట్టు దగ్గరే దించుతాడు. తెచ్చే ఖర్చు నాది కాదు కాబట్టి S సున్నా, వాటికి వర్గమూలాలెందుకు? వచ్చే వారం దాకా సరిపడా, పైన రెండు మూడు రోజులకు. సేల్స్‌మాన్ ఎంత బతిమాలినా అంతకు మించి రాయించను.