60 లక్షల ఇల్లు, 26వ సెక్షన్

హైదరాబాద్‌లో ఒక చిన్న అధ్యయన సంస్థలో పని చేస్తాను. లౌకిక రాజ్యంలో పెళ్లి, వారసత్వం లాంటి వాటికి మతాన్ని బట్టి నడిచే వ్యక్తిగత చట్టాలు ఉండొచ్చా, ఉంటే మత స్వేచ్ఛతో ఎక్కడ తగవు వస్తుంది, ఏ వాదనలో ఎంత బలముంది అని పోల్చుతూ ఒక పాలసీ పేపర్ రాయమన్నారు. ఇరవై పేజీలు, రెండు నెలలు. ఉమ్మడి పౌర స్మృతి గురించి టీవీల్లో చూసినదంతా తలలో ఉంది కదా, పది రోజుల్లో అయిపోతుందనుకున్నాను.

పది రోజుల్లో నిజంగానే ఒక డ్రాఫ్ట్ తయారైంది. ఒక పక్క రాజ్యాంగంలో ఉమ్మడి పౌర స్మృతి కోసం ప్రయత్నించమనే 44వ అధికరణ, ఇంకో పక్క మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణ. ఈ పక్క సమానత్వం, ఆ పక్క మత స్వేచ్ఛ. చదివి మా మేడం ఒకటే అడిగారు: "ఇందులో మనుషులెవరూ లేరేంటి? ఇది కాలేజీ వక్తృత్వ పోటీకి పంపుదామా?" ఆ రోజు మొహం మాడ్చుకుని ఇంటికెళ్లాను గానీ, ఆవిడ చెప్పిన దారే పట్టాను. ఒక కుటుంబాన్ని తీసుకుని, ప్రతి వాదననూ ఆ ఇంటి గుమ్మంలోంచి లోపలికి పంపి చూడమన్నారు.

నేను ఊహించుకున్న కుటుంబం ఇది. గుంటూరు పక్కన ఒక హిందువు సొంత సంపాదనతో ఇల్లు కట్టుకున్నాడు. విలువ 60 లక్షలు. వీలునామా రాయకుండా పోయాడు. భార్య ఉంది, కొడుకు ఉన్నాడు, చిన్న కూతురు ఉంది. పెద్ద కూతురు క్రైస్తవుణ్ని పెళ్లి చేసుకుని బాప్తిస్మం తీసుకుంది, ఆ తర్వాత ఒక పాప పుట్టింది. పెద్ద కూతురు తండ్రి కంటే ముందే చనిపోయింది. పాప తండ్రి దగ్గర చర్చికి వెళ్తూ పెరుగుతోంది. తాత ఇంట్లో ఆ పాపకు ఎంత?

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు ఒక వాటా, కొడుకుకు ఒకటి, చిన్న కూతురికి ఒకటి, చనిపోయిన కూతురి సంతానానికి ఒకటి. నాలుగు పదిహేనులు అరవై. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. మతం మారితే హక్కు పోతుందని ఎక్కడో విన్న గుర్తుతో, నేను ఒక వాక్యం ఘనంగా రాసేశాను: "మతం మారిన కూతురికి హిందూ తండ్రి ఆస్తిలో వాటా ఉండదు."

పేపర్ చూసిపెట్టడానికి ఒప్పుకున్న రిటైర్డ్ లాయరు గారు ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశారు. ఆయన ముందు కూర్చుంటే అట్ట ఊడిపోయిన హిందూ వారసత్వ చట్టం పుస్తకం నా వైపు తోసి, "26 చదవమ్మా, పైకి చదువు" అన్నారు. చదివాను. ఆ సెక్షన్ మతం మారిన మనిషిని ముట్టుకోదు. ఆ మార్పిడి తర్వాత ఆ మనిషికి పుట్టిన పిల్లల్ని, వాళ్ల సంతతిని మాత్రం హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాకుండా చేస్తుంది. "మతం మారింది ఎవరు? వాటా పోయేది ఎవరికి?" అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు. కంపెనీ పాలనలో, 1850లోనే, మతం మారినంత మాత్రాన ఆస్తి హక్కు పోదని చట్టం చేశారట. ఆ రక్షణ మారిన మనిషి దాకానే వచ్చి ఆగిపోయింది. నూరేళ్ల తర్వాత స్వతంత్ర భారత పార్లమెంటు కూడా దాన్ని పిల్లల దాకా పొడిగించలేదు.

ఇంటికొచ్చి లెక్క మళ్లీ వేశాను. పెద్ద కూతురు బతికి ఉంటే, క్రైస్తవురాలైనా సరే, 15 లక్షలు తీసుకునేది. చనిపోయింది కాబట్టి ఆమె స్థానంలోకి పాప రావాలి. పాపను 26వ సెక్షన్ ఆపేస్తుంది. మిగిలిన ముగ్గురికి తలా 20 లక్షలు. తల్లి మరణమే పాపకు అనర్హత అయి కూర్చుంది. కాగితం మీద అంకెలు చూస్తే గానీ నాకు ఆ తేడా తగల్లేదు.

అదే కుటుంబాన్ని ఇతర చట్టాల్లోనూ పెట్టి చూశాను. తాత క్రైస్తవుడై ఉంటే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు, అంటే 20 లక్షలు. మిగతా 40 మూడు శాఖలకు సమానంగా, ఒక్కొక్కరికి 13 లక్షల 33 వేలు. పాప తన తల్లి శాఖ వాటా తీసుకుంటుంది. ఆమె ఏ మతమని ఎవరూ అడగరు. అందరూ సున్నీ ముస్లింలే అయి ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, ఏడున్నర లక్షలు. మిగిలిన దానిలో కొడుకుకు 35, కూతురికి 17.5. పాపకు మళ్లీ సున్నానే, కానీ ఇక్కడ కారణం మతం కాదు. దగ్గరి వారసులు ఉండగా దూరపు వాళ్లకు రాదన్న నియమం. ఒకే సున్నా, రెండు వేరు వేరు కారణాలు. ఈ రెండింటినీ "వ్యక్తిగత చట్టాల అన్యాయం" అని ఒకే గాటన కట్టేస్తే మందు తప్పు రోగానికి వేసినట్టే.

ఇక వాదనలు. మొదటిది, వ్యక్తిగత చట్టం మతంలో భాగం కాబట్టి రాజ్యం వేలు పెట్టకూడదనేది. 1951లో నరసు అప్ప మాలి కేసులో బొంబాయి హైకోర్టు, ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టాలు చెల్లవనే 13వ అధికరణ కింద వ్యక్తిగత చట్టాలు "చట్టాలు" కావు, ప్రాథమిక హక్కులతో వాటిని కొలవలేం అంది. ఈ వాదన 26వ సెక్షన్‌కు నిలబడదు. ఆ సెక్షన్‌ను ఏ ఋషీ రాయలేదు, పార్లమెంటు రాసింది. రాజ్యమే రాసిన మాటను మతం పేరుతో కాపాడటం కుదరదు. మా చర్చలో ఒక పెద్దాయన, పిండం పెట్టేవాడికే ఆస్తి అన్నది మన సంప్రదాయం కదండీ అన్నారు. ఇక్కడ చిన్న పక్కదారి: మన తెలుగు నేలలో నడిచింది మితాక్షర అనే పాత ధర్మశాస్త్ర వ్యాఖ్య. అది రాసిన విజ్ఞానేశ్వరుడు, వారసత్వం దక్కే సపిండుడు అంటే పిండం పెట్టేవాడు అని చెప్పలేదు, ఒకే శరీరపు అంశ పంచుకున్నవాడు అన్నాడు. పిండప్రదానంతో వారసత్వాన్ని ముడిపెట్టింది బెంగాల్ వైపు దాయభాగం. ఆ లెక్కన మితాక్షర ప్రకారమే పాప తాత రక్తం. ఈ పేరా రాసినప్పుడు మాత్రం నాకు కాస్త గర్వం వేసింది, దాచుకోను.

రెండోది, అందరికీ ఒకే స్మృతి. పాప విషయంలో ఇది పని చేస్తుంది, ఒప్పుకోవాలి. 2025 జనవరి 27 నుంచి అమల్లో ఉన్న ఉత్తరాఖండ్ చట్టం కొడుకులకూ కూతుళ్లకూ మతంతో పని లేకుండా ఒకే వారసత్వ నియమం పెట్టింది. అయితే షెడ్యూల్డ్ తెగలను వదిలేసింది, అంటే "అందరికీ" అనే మాట మొదటి రోజే తగ్గింది. పైగా అదే చట్టం సహజీవనాన్ని రిజిస్టరు చేసుకోకపోతే జైలు శిక్ష కూడా తెచ్చింది. ఒకేలా ఉండటం వేరు, స్వేచ్ఛ వేరు అని ఆ ఒక్క ఉదాహరణతోనే చెప్పగలిగాను.

మూడోది, ఏ చట్టానికి ఆ చట్టంలోనే సవరణ. 2018 ఆగస్టు 31న 21వ లా కమిషన్ తన సంప్రదింపుల పత్రంలో ఉమ్మడి స్మృతి ఈ దశలో అవసరమూ కాదు, వాంఛనీయమూ కాదని, వివక్ష ఉన్న చోట సవరించాలని చెప్పింది. దీనికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి. అప్పటికే పెళ్లయిన వాళ్లను వదిలేసింది, అది దాని లోటు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. అంటే ఈ దారి నడుస్తుంది, కానీ ఇరవై ఏళ్లు నడుస్తుంది.

నాలుగోది, ఇష్టమున్న వాళ్లకే స్మృతి. 1948 నవంబరు 23న రాజ్యాంగ సభలో అంబేద్కర్, మొదట్లో కట్టుబడతామని ప్రకటించిన వాళ్లకే స్మృతి వర్తించేలా పార్లమెంటు చేయొచ్చని చెప్పాడు. నాకు మొదటి నుంచీ ఇదే నచ్చింది. షరియత్ వద్దు, భారతీయ వారసత్వ చట్టం కావాలని కేరళ మహిళ ఒకరు వేసిన పిటిషన్‌పై 2024లో సుప్రీంకోర్టు నోటీసులిచ్చింది. అదీ ఇదే కోరిక. కానీ పాపను పెట్టి చూసేసరికి ఇదీ జారిపోయింది. ఆస్తి తాతది, కాబట్టి ఎంచుకోవాల్సింది తాత. ఆయన ఏమీ ఎంచుకోకుండా పోతే పాప ఎన్ని ప్రకటనలు చేసినా లాభం లేదు. అసలు ఆయనకు అంత శ్రద్ధే ఉంటే వీలునామా రాసేవాడు. హిందువు తన సొంత ఆస్తిని ఎవరికైనా రాయొచ్చు, మతం అడ్డు రాదు. ఐచ్ఛిక స్మృతి కావలసింది ఎక్కువగా వీలునామా రాయని ఇళ్లలోనే, అక్కడే అది అందదు.

చివరికి మా సిఫార్సు పెద్ద కోడ్ గురించి కాకుండా, 26వ సెక్షన్ ఎత్తేయమని ఒక్క వాక్యంగా తేలింది. మేడం "ఇరవై పేజీలకి ఇదేనా?" అన్నారు, నవ్వుతూనే. లాయరు గారు మాత్రం ఆ సెక్షన్ చివరి ముక్క మళ్లీ చదవమన్నారు. వారసత్వం తెరుచుకునే నాటికి ఆ పిల్లలు హిందువులై ఉంటే అనర్హత ఉండదట. అంటే తాత చనిపోయే రోజుకి పాప హిందువు అయితే 15 లక్షలు, కాకపోతే సున్నా. ఒడిశా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో ప్రలోభం చూపి మతం మార్చడాన్ని నేరం చేస్తూ చట్టాలు తెచ్చాయి. ఇక్కడ ప్రలోభం సెక్షన్‌లోనే ఉంది. ఆ పేరా తీసేయమని ఒకరు సలహా ఇచ్చారు, అనవసరంగా గొడవలొస్తాయని టెన్షన్. నేను ఉంచేశాను.

ఇంకో చిక్కు రుజువుది. పాప పుట్టుక కంటే మార్పిడి ముందు జరిగిందని తేలితేనే ఈ అనర్హత. మా వైపు క్రైస్తవ ఆరాధనకు వెళ్తూ, కాగితాల్లో హిందువుగా ఉన్న కుటుంబాలు కొల్లలు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోతుంది, అందుకే బయటికి చెప్పరు. అలాంటి ఇంట్లో వాటాల తగవొస్తే మేనమామ వెళ్లి చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు తిరగేయించాలి. తేదీ దొరికితే పాపకు వాటా పోతుంది. పెద్ద వాళ్ల ఎస్సీ సర్టిఫికెట్ మీదా ప్రశ్న లేస్తుంది.

పేపర్ ఇచ్చేసిన తర్వాత లాయరు గారు ఫోన్ చేసి, పాప వయసు ఎంత పెట్టావు అని అడిగారు. తొమ్మిదేళ్లు అన్నాను. "తొమ్మిదేళ్ల పిల్ల ఆ రోజుకి హిందువా కాదా అని ఎవరు చెప్తారమ్మా, తండ్రా, మేనమామా?" అన్నారు. ఆ ప్రశ్నను పదిహేడో పేజీలో అలాగే రాశాను, జవాబు లేకుండా.