ఉప్పుగాలికి బిగుసుకుపోయిన అల్యూమినియం దోటి: నా అనుభవం

కవిటి మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా కొబ్బరితోటలో గెలలు దింపడానికి వాడే అల్యూమినియం దోటి నిన్ననే రెండు ముక్కలుగా, ఒక్క సొట్ట కూడా లేకుండా విడివడింది. ఇది ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాల దోటి. లోపలి గొట్టం వ్యాసం 32 మిల్లీమీటర్లు, గోడ మందం మిల్లీమీటరున్నర. వానాకాలమంతా పాకలో సగం చాచిన స్థితిలోనే ఉండిపోవడంతో, మళ్లీ దింపు మొదలుపెట్టే సమయానికి అది లోపలికీ పోక, బయటికీ రాక మొండికేసింది. ఇలాంటి దోటి ఉన్నవారు మా ఉద్దానంలో చాలామందే ఉన్నారు కనుక, జరిగినదంతా మరిచిపోకముందే రాస్తున్నాను.

దీని లాకు ఎలా పనిచేస్తుందో ముందుగా చెప్పాలి. బయటి గొట్టం మూతి దగ్గర ఏటవాలు అంచున్న ఒక అల్యూమినియం రింగు కూర్చుని ఉంటుంది. దానికి ఒకచోట నిలువునా చీలిక ఉంటుంది. ఆ రింగుపైన మరచుట్లున్న స్లీవు ఉంటుంది. స్లీవును బిగిస్తే రింగు నొక్కుకుని లోపలి గొట్టాన్ని పట్టుకుంటుంది. వదులు చేస్తే రింగు తెరుచుకుని గొట్టాన్ని వదిలేస్తుంది. అల్యూమినియం పైన సహజంగా ఏర్పడే పలుచని పొర దానికి మామూలుగా రక్షణే అయినా, సముద్రపు ఉప్పు తేమతో కలిసి అలాంటి ఇరుకు సందుల్లో నిలిచిపోయినప్పుడు ఆ పొరను చిల్లులు చేసి లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. అలా పుట్టిన తెల్లటి పొడి, తిన్న లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సందు చిన్నది, పొడి పెద్దది. ఇక వదులయ్యే అవకాశం ఎక్కడిది?

దోటి అమ్మిన దుకాణంవారు ఫోన్లోనే తేల్చేశారు. విడి రింగులు వారి దగ్గర లేవట. లోపలి గొట్టం కోసేసి కొత్త దోటి కొనుక్కోవడమే మేలట. కొనేరోజున పదేళ్లు తిరిగి చూడనక్కరలేదని చెప్పిన నోరే ఇది. అక్కడితో ఆగక నేను దానిని ఆటో పైకప్పుకు కట్టించుకుని పట్టణంలోని ఒక వెల్డింగు షెడ్డుకు తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు నన్ను ఒక్క మాటా అడగకుండా పైపు రెంచి తెచ్చి బయటి గొట్టానికి తగిలించబోయాడు. పైపు రెంచి పళ్లు రెండు వైపుల నుంచే నొక్కుతాయి. పలుచని గొట్టం ఆ నొక్కుడుకు కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది, అలా మారిన గొట్టం లోపలి దానిని ఇంకా గట్టిగా పట్టేస్తుంది. నేను అడ్డుపడితే, షెడ్డు యజమాని గ్యాసు మంట పెడదామన్నాడు. అదీ వద్దన్నాను. ఈ గొట్టాలకు గట్టితనం వచ్చేది కర్మాగారంలో చేసే వేడి ప్రక్రియ వల్ల. సుమారు 200 డిగ్రీలు దాటితే ఆ గట్టితనం పోవడం మొదలవుతుంది. పైగా అల్యూమినియం ఇనుములాగ ఎర్రబడి హెచ్చరించదు. సుమారు 600 డిగ్రీలు దాటాక ఉన్నట్టుండి కరిగి జారిపోయేదాకా చూడడానికి అది చల్లగానే కనిపిస్తుంది.

"ఏటి మాస్టారూ, దోటికి ఇంత ముద్దేటండీ? కొత్తది కొనుక్కోండి, ఒగ్గేయండి" అని ఆయన అనేసరికి షెడ్డులో ఉన్న వారందరూ నవ్వారు. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినవాడిని, అంతమంది ముందు దోటి భుజాన వేసుకుని బయటికి నడవడం నాకు సులువుగా జరిగిన పని కాదు. కానీ ఆ రెంచి పడి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు. పలుచని గొట్టాన్ని పైపు రెంచితో పట్టేవారి చేతికి మీ వస్తువును ఇవ్వకండి. వారికి ఎంత పేరున్నా సరే.

స్లీవు ఊడదీయడం సులువుగానే అయింది. దాని చుట్టూ పాతగుడ్డ చుట్టి మరిగే నీళ్లు పోసి, సైకిలు ట్యూబు ముక్కను గట్టిగా చుట్టి చేత్తో తిప్పితే మరచుట్లు వదిలాయి.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. స్లీవు పైకి జరిగి చేతికి వచ్చేసినా గొట్టాలు కదలలేదు. నొక్కేది లేకపోయినా రింగు ఎందుకు వదలడం లేదో నాకు అర్థం కాలేదు. కదలిక ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి బయటి గొట్టం మూతి నుంచి రింగు మీదుగా లోపలి గొట్టం వరకు మార్కరుతో ఒకే నిలువు గీత గీసి, రెండు చేతులతో మెలితిప్పి చూశాను. గీత ఎక్కడా విరగలేదు. అంటే రింగు లోపలి గొట్టానికి అతుక్కుంది, బయటి గొట్టం మూతిలోని తన గూటికీ అతుక్కుంది. చీలికలోకి గుండుసూది పోనిస్తే సుద్దలాంటి తెల్లపొడి రాలింది. తుప్పు వదిలించే నూనె కొట్టమని ప్రతివారూ చెబుతారు గానీ, ఆ నూనె ఈ తెల్లపొడిని కరిగించదు. తడిపి ముద్దగా మాత్రమే చేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది: నూనె ఒకసారి సందులోకి దిగితే, తరువాత పొడిని కరిగించగల నీటి ద్రవమేదీ దానిని తాకలేదు. కాబట్టి ముందు వెనిగరు, ఆ తరువాతే నూనె. ఇప్పటికే నూనె పోసినవారు సబ్బునీళ్లతో బాగా కడిగి, ఆరనిచ్చి మొదలుపెట్టాలి.

దోటిని పనసచెట్టుకు నిలువుగా కట్టి, అడుగున ఉన్న రబ్బరు మూత తీసివేశాను. బయటి గొట్టం మూతి చుట్టూ సైకిలు ట్యూబు బిగించి, దాని పైఅంచు నిలబడేలా చేస్తే రింగు పైన చిన్న దొప్పలాగ ఏర్పడింది. అందులో వంటకు వాడే మామూలు వెనిగరు పోశాను. చీలిక దగ్గర సన్నటి బుడగలు రావడం మొదలైంది గానీ చుక్క కూడా కిందికి దిగలేదు. అది ఆశ వదులుకోవలసిన సూచన కాదు. సందు పూర్తిగా పూడిపోయిందని తెలిపే కొలత మాత్రమే. తగ్గినప్పుడల్లా పోస్తూ రాత్రంతా ఉంచితే, తెల్లవారేసరికి గొట్టం అడుగున పెట్టిన చిప్పలో తెల్లటి మడ్డి నీరు కనిపించింది. దారి తెరుచుకుంది. అలా చుక్క దిగగానే వెనిగరు ఆపి మంచినీళ్లతో ధారాళంగా కడగాలి, ఎందుకంటే పొడి అయిపోయాక అది నెమ్మదిగా మంచి లోహం మీద పడుతుంది. త్వరగా అవుతుందని కాస్టిక్ సోడా గానీ మరుగుదొడ్డి కడిగే యాసిడ్ గానీ పోయమని సలహా ఇచ్చేవారుంటారు. ఆ రెండూ గొట్టాన్నే తినేస్తాయి, మండే వాయువును కూడా పుట్టిస్తాయి.

కడిగి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు నూనె వేశాను. ఇక పట్టు కావాలి. మా ఊరి వడ్రంగి చేత మామిడి పలకలకు గొట్టాల కొలతకు సరిగ్గా సరిపోయే రంధ్రాలు తొలిపించి, రంధ్రం మధ్యగా కోయించాను. రంపం తిన్న మేరకు ఏర్పడిన ఖాళీయే బిగింపుకు చోటు. రెండు అరచెక్కలను బోల్టులతో బిగిస్తే గొట్టం చుట్టూ అన్ని వైపులా సమానంగా ఒత్తిడి పడుతుంది, అందువల్ల ఆకారం చెడదు. ఒక జత బయటి గొట్టానికి, ఇంకొక జత లోపలి దానికి, రెండూ అతుకుకు జానెడు లోపలే బిగించాలి. దూరంగా పట్టి తిప్పితే మెలి బదులు వంపు పడుతుంది. పొడవాటి గొట్టాలు వంగిపోయేది ఎక్కువగా అలాగే. పట్టే చోట నూనె మరక ఉండకూడదు.

ఇద్దరు మనుషులు చేరినా, చెక్కలు కిర్రుమన్నాయే తప్ప రింగు కదలలేదు. బలం పెంచితే విరిగేది గొట్టమే కనుక, అప్పుడు వేడికీ చలికీ పని చెప్పాను. రెండు గొట్టాలూ అల్యూమినియమే కావడంతో మొత్తం అతుకును వేడిచేస్తే రెండూ కలిసే పెరుగుతాయి, సందు పెరగదు. బయటిది వేడిగా, లోపలిది చల్లగా ఉండాలి. చేపల మార్కెట్ నుంచి నలగ్గొట్టిన మామూలు ఐసు తెప్పించి, కొడవలి బిగించే మూతను విప్పి, లోపలి గొట్టంలో అతుకుకు కాస్త కిందుగా గుడ్డ ఉండను కర్రతో కూరి, పైనుంచి ఐసు దట్టించాను. తరువాత మా బావమరిది బయటి గొట్టం మూతికి చుట్టిన గుడ్డపై మరిగే నీళ్లు పోశాడు. ఇంత లావు గొట్టానికి, రెంటి మధ్య 70 డిగ్రీల తేడా ఉంటే వచ్చే సందు సుమారు 0.05 మిల్లీమీటర్లు, కాగితం మందంలో సగం. అది చాలు గానీ, అల్యూమినియంలో వేడి ఎంతో వేగంగా పాకుతుంది కనుక ఆ తేడా కొద్ది క్షణాలే నిలుస్తుంది. నీళ్లు పడుతుండగానే తిప్పాలి. కెటిలు పక్కన పెట్టి వచ్చి తిప్పుదామంటే కుదరదు.

"ఓ పక్కకే తిప్పకు బావా, అటూ ఇటూ ఆడించు" అన్నాడు అతడు. సరైన మాటే. ఒకే దిక్కున లాగితే బలమంతా గొట్టంలో పేరుకుపోతుంది. అటూ ఇటూ ఆడిస్తే పొడి నలుగుతుంది. ఒకసారి చల్లారనిచ్చి, కొత్త ఐసు వేసి మళ్లీ మొదలుపెట్టాక, ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడై, మార్కరు గీత వెంట్రుకంత పక్కకు తప్పింది. ఆ చప్పుడు వినగానే గొట్టం చీలిందేమోనని భయపడ్డాను గానీ, విరిగింది రింగుకూ గూటికీ మధ్య ఉన్న పొడి మాత్రమే.

కదిలింది కదా అని వెంటనే లాగేయాలనిపిస్తుంది. లాగకూడదు. నలిగిన పొడి ఇసుకలాగ మధ్యలోనే ఉంటుంది. అల్యూమినియం అల్యూమినియంపై పొడిగా రాసుకుంటే గీరుకుని ఒకదానికొకటి పట్టేసుకుంటుంది, అలా పట్టిన గొట్టాన్ని కోయడం తప్ప వేరే దారి ఉండదు. అందుకని వేలెడంత లోపలికి తోసి, నూనె పోసి, కాస్త బయటికి తీసి, బయటికి వచ్చిన బూడిదరంగు ముద్దను గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి తోస్తూ పోయాను. ముద్ద రావడం ఆగిన తరువాతే రింగును చీలిక దగ్గర చెక్కపుల్లతో తెరిచి పైకి జార్చి, లోపలి గొట్టాన్ని అడుగు వైపు నుంచి తీశాను.

లోపలి గొట్టంపైన, రింగు కూర్చున్న చోట మాత్రం చుట్టూ చిన్నచిన్న గుంటలు పడ్డాయి. గోరు పట్టే లోతుకు పోలేదు కనుక వాడుకలోనే ఉంచాను. లోతు ఎక్కువుంటే గెల బరువుకు దోటి అక్కడే విరుగుతుంది, అలాంటి గొట్టం మార్చడమే మంచిది. మరకలను ఉక్కు పీచుతో రుద్దకుండా నైలాను పీచుతోనే తీశాను, ఎందుకంటే ఉక్కు రజను అల్యూమినియంలో దిగబడితే అక్కడే మళ్లీ తినడం మొదలవుతుంది. రింగు పట్టే చోట నూనె ఉంటే లాకు జారుతుంది కనుక సబ్బునీళ్లతో పూర్తిగా కడిగి, గ్రీజు స్లీవు మరచుట్లకు మాత్రమే రాశాను. తిన్న రింగు స్థానంలో లేతుమిషను వారి చేత నైలాను రింగు కోయించాను. దుకాణం వారు లేదన్న వస్తువు అరగంటలో తయారైంది. ఇప్పుడు దోటిని గెలకు తగిలించి ఇద్దరం వేలాడినంత పని చేసినా లాకు జారడం లేదు. పాకలో మాత్రం రెండు గొట్టాలనూ విడివిడిగానే పెడుతున్నాం.